తీగ మీంచి చెయ్యి తియ్యడం

నా గొంతు పెద్దది. మా నాన్న మధిరలో మైకు లేని చర్చికి పాస్టరు. చివరి వరస దాకా వినపడాలని చిన్నప్పుడు నా చేత వాక్యం చదివించేవాడు. ఆ గొంతుతోనే ఇప్పుడు అడవి అంచున ఉన్న ఒక పాలిటెక్నిక్‌లో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చెబుతున్నాను. నేను పాఠం మొదలుపెడితే పక్క గదిలో సివిల్ సారు పాఠం ఆపేస్తాడని మా కాలేజీలో అంటారు. అబద్ధం. ఆయన అంతకుముందే ఆపేసి ఉంటాడు.

ఆ సంవత్సరం నా దగ్గర ప్రాజెక్టు చేసిన నలుగురి గురించి చెప్పాలి. ముగ్గురికి నోరు మూతపడదు. ఒకడు టేకులపల్లి పిల్లగాడు, తెలిసినా తెలియకపోయినా ముందు చెయ్యెత్తేవాడు. ఒకడు మధిర పక్క ఊరివాడు, పత్తి వ్యాపారం చేసే ఇంట్లోంచి వచ్చాడు, ప్రతి మాటా బేరం ఆడినట్టే మాట్లాడేవాడు. మూడోది ఖమ్మం అమ్మాయి, ఆ ఇద్దరి తప్పులూ దిద్దడమే తన ఉద్యోగం అనుకునేది. నాలుగోది చర్ల అవతలి ఊరి అమ్మాయి. ఇంట్లో కోయ మాట్లాడతారు. తెలుగు చక్కగా వచ్చు, కానీ ఒక మాట బయటికి రావడానికి ముందు దాన్ని లోపల నాలుగుసార్లు తిప్పి చూసుకునే రకం. ఆ తిప్పుకునే లోపల మిగతా ముగ్గురూ జవాబు చెప్పేసేవాళ్లు. చెడ్డతనంతో కాదు, ప్రేమతోనే. మా బ్యాచ్‌లో ఎవరిని ఏమడిగినా అందరూ కలిసి ఆదుకోవాలన్నది వాళ్ల రివాజు.

ఆ రివాజే ఆ పిల్ల కొంప ముంచింది. మొదటిసారి వైవాలో ఖమ్మం నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు ఆమెను ఏ ప్రశ్న అడిగినా ముగ్గురూ ఎగబడి చెప్పారు. ఆమె నోరు తెరిచేసరికి సారు తరవాతి ప్రశ్నకు పోయాడు. ఫలితాలు వస్తే ముగ్గురూ పాస్, ఆమె ఫెయిల్. నేను ఫోన్ చేసి గొడవపడ్డాను. "మేడం, ఆ అమ్మాయి నోటి నుంచి నాకు ఒక్క వాక్యం వినపడలేదు. వినపడని దానికి నేనెట్ల వేస్త మార్కులు?" అన్నాడు. నిజమే కదా అని కూడా అనిపించింది, అందుకు ఇంకా కోపం వచ్చింది.

ఇక్కడ ఫెయిల్ అంటే మార్కుల సంగతి ఒక్కటే కాదు. ఆమెకు అప్పటికే ఒక కరెంటు తయారీ ప్లాంటులో ట్రైనీ టెక్నీషియన్‌గా ఉద్యోగం వచ్చి ఉంది. రాతపరీక్షలో వచ్చింది, అక్కడ పక్కనుంచి ఎవరూ జవాబు చెప్పలేరు కాబట్టి. చేరే రోజుకు డిప్లొమా పాసై ఉండాలి, లేకపోతే ఆ చోటు వెనక ఉన్నవాళ్లకు పోతుంది. మళ్లీ వైవా ఒక్కసారే దొరికింది. ఆ ఒక్కసారీ కూడా అదే సారు.

ఈసారి ప్రిన్సిపాల్ ఒక ఏర్పాటు చేశాడు. టేకులపల్లి దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో చుట్టుపక్కల బడులకు సైన్సు క్విజ్ ఉంది. దానికి జడ్జి మన ఎగ్జామినర్ సారే. క్విజ్‌కి కావలసిన గంట మిషను మన పిల్లలు ప్రాజెక్టుగా చేసిందే పెడితే, సారు అక్కడే మిషను చూసి, అక్కడే ఆ అమ్మాయి వైవా కూడా తీసుకుంటాడు. రెండు పనులూ ఒకే ప్రయాణంతో అయిపోతాయి. నేను సరే అన్నాను. మిగతా ముగ్గురూ పాసైపోయినా సరే మేమూ వస్తామన్నారు. ఎట్లా వద్దంటాం!

మిషను సంగతి చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. నాలుగు బల్లలు, నాలుగు జట్లు. ప్రతి బల్ల మీద ఒక బోర్డు, నలుగురు పిల్లలూ తలా ఒకటి కట్టారు. దాని మీద ఎ, బి, సి, డి అని తిప్పే స్విచ్చి, ఒక గంట బటన్. ముందర క్విజ్ మాస్టర్ బల్ల మీద నాలుగు దీపాలు. మాస్టర్ ఏ బల్లను ఎంచుకుంటే ఆ బల్ల జవాబు దీపంగా వెలగాలి. ఒక్కో బల్లకు వేరువేరుగా తీగలు లాగితే హాలంతా సేమ్యా అయిపోతుంది. అందుకని జవాబులకు నాలుగే తీగలు, నాలుగు బల్లలకూ అవే. ఉమ్మడి తీగలన్న మాట, బస్ అంటాం.

ఉమ్మడి తీగ అనగానే పేచీ మొదలవుతుంది. ఒక బల్ల 'ఒకటి' అని ఐదు వోల్టుల వైపు లాగుతుంటే ఇంకో బల్ల 'సున్నా' అని కిందికి లాగితే ఏమవుతుంది? తీగ మధ్యలో ఊగుతుంది, రెండు చిప్పులూ కాలతాయి. అందుకే ప్రతి బోర్డు మీదా ట్రై-స్టేట్ బఫర్ అనే చిప్పు పెడతాం. మామూలు లాజిక్ గేటుకు రెండే మాటలు వచ్చు, ఒకటి, సున్నా. దీనికి మూడోది కూడా వచ్చు. తీగ మీంచి చెయ్యి పూర్తిగా తీసేసి, అసలు అక్కడ లేనట్టు ఉండిపోవడం. ఎనేబుల్ అనే పిన్ను దానికి ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు చెయ్యి తియ్యాలో చెబుతుంది. నలుగురిలో ఒక్కరి ఎనేబులే తెరిచి ఉండాలి.

"ఇదంతా ఎందుకు మేడం, ఒక చిన్న మైక్రోకంట్రోలర్ పెడితే అయిపోద్దిగా!" అన్నాడు మధిరవాడు.

"నీ పెళ్లికి వంట కూడా ప్యాకెట్లలో తెప్పించుకో. ఇక్కడ మాత్రం తీగ చేత్తో కలుపు" అన్నాను.

వైవాలో చూపించిన నమూనాను విప్పేసి, క్విజ్ కోసం బోర్డుల మీద కొత్తగా కట్టారు. మొదటి రోజు ల్యాబ్‌లో బోర్డులన్నీ తగిలించి స్విచ్చి వేశారు. మాస్టర్ మొదటి బల్లను ఎంచుకుంటే ఎ దీపం వెలిగింది. రెండో బల్ల, ఎ. మూడోది, ఎ. నాలుగోది, ఎ. ముగ్గురూ ఎగిరి గంతులేశారు. టేకులపల్లివాడు మిర్చి బజ్జీలకు పరుగెత్తబోయాడు. "అరే ఆగు" అని మొదటి బల్ల స్విచ్చిని బి వైపు తిప్పాను. మాస్టర్ దగ్గర మొదటి బల్లను ఎంచుకుంటే దీపం ఎ అనే చెప్పింది. ఇంకో రెండు బల్లలను బి మీద, ఒకదాన్ని సి మీద పెట్టి, మొదటిదాన్ని మళ్లీ ఎ కి తెచ్చి అడిగాను. ఎ దీపం చీకటి. బి దీపం పండు ముసలి కన్నులా మసకమసకగా వెలిగింది.

తీగ మీద మీటరు పెడితే ఒకటిన్నర వోల్టుల దగ్గర ఊగుతోంది. సున్నా అవ్వాలంటే ముప్పావు కంటే కిందికి రావాలి, ఒకటి అవ్వాలంటే రెండు దాటాలి. ఇది ఎటూ కాని బతుకు. చిప్పు మీద వేలు పెట్టి చూశాను. చుర్రుమంది.

"దేవుడా! ఆపండి, ఆపండి!"

"వేడెక్కిందంటే బాగా పనిచేస్తున్నట్టే కదా మేడం" అన్నాడు మధిరవాడు. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ వాడి మీద విసరకుండా ఆపిన దేవుడికి స్తోత్రం.

ఇక మొదలైంది. వైరింగ్ అన్నాడొకడు. చిప్పులు పాతవి అంది ఖమ్మం పిల్ల. పవర్ సప్లై చాలట్లేదన్నాడు ఇంకొకడు. నేనూ అరుస్తున్నాను, అబద్ధం చెప్పను. ఆ అరుపుల మధ్యలో చర్ల పిల్ల కాగితం మీద ఒక చోట వేలు పెట్టి నిలబడి ఉంది. చిప్పు బొమ్మలో ఎనేబుల్ పిన్ను దగ్గర చిన్న సున్నా చుట్టి ఉంటుంది, ఆ సున్నా మీద వేలు. ఎంతసేపటి నుంచి పెట్టుకుని ఉందో దేవుడికే ఎరుక. నేను వేలు చూసి, బొమ్మ చూసి, బోర్డు చూశాను. మాస్టర్ ఏ బల్లను ఎంచుకున్నాడో బల్లలకు చెప్పే డీకోడర్‌కూ ఎనేబుల్‌కూ మధ్యలో ఒక కొత్త చిప్పు కూర్చుని ఉంది, ఒకటిని సున్నాగా, సున్నాను ఒకటిగా తిప్పేది.

"ఈ ఇన్వర్టర్ ఎవరు పెట్టారు?"

టేకులపల్లివాడు ఛాతీ ముందుకు పెట్టాడు. "నేనే మేడం. డీకోడర్ ఉల్టా ఇస్తున్నది. ఎంచుకున్న దానికి సున్న ఇచ్చి, మిగిలినయిటికి ఒకటి ఇస్తున్నది. అందుకే నేను సీదా చేసిన!"

తల పట్టుకున్నాను. డీకోడర్ ఉల్టాగా ఇస్తుంది, నిజమే. కానీ ఈ బఫరు ఎనేబుల్ కూడా ఉల్టాగానే వింటుంది. సున్నా ఇస్తేనే తెరుచుకుంటుంది, ఒకటి ఇస్తే చెయ్యి తీసేస్తుంది. ఆ చిన్న గుండ్రానికి అర్థం అదే. రెండు ఉల్టాలూ కలిసి సరిగ్గా సరిపోయేవి. వీడు మధ్యలో దూరి ఒకదాన్ని సీదా చేశాడు. దాంతో పిలిచిన బల్ల నోరు మూసుకుంది, పిలవని మూడు బల్లలూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాయి. అన్ని స్విచ్చిలూ ఎ మీదే ఉన్నప్పుడు ఆ మూడూ ఒకే మాట అన్నాయి గనక పేచీ లేదు, మాకు తప్పు తెలియలేదు.

"అచ్చం మీ వైవా లాగే చేశార్రా మిషను" అన్నాను. నవ్వారు. చర్ల పిల్ల కూడా నవ్వింది. ఆ తరవాత ముగ్గురూ ఒక్క క్షణం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నేను చూడనట్టే ఉన్నాను.

ఇన్వర్టర్ పీకేసి డీకోడర్ తీగలు నేరుగా కలిపాం. ఎవరిని పిలిస్తే వాళ్ల జవాబే వచ్చింది. చిప్పులు చల్లబడ్డాయి.

గంట తీగ పద్ధతి వేరు. గంట ఎవరైనా, ఎప్పుడైనా, అడక్కుండా కొట్టచ్చు. దానికి ఓపెన్-కలెక్టర్ అమరిక పెట్టారు. ప్రతి బల్లకూ ఒక ట్రాన్సిస్టర్ ఉంటుంది. బటన్ నొక్కితే అది తీగను కిందికి లాగుతుంది, వదిలితే ఊరుకుంటుంది. తీగ కిందికి రాగానే గంట మోగుతుంది. దీన్ని ఆ నలుగురూ తలా కొంచెం కలిపారు, ల్యాబ్‌లో బ్రహ్మాండంగా మోగింది. నేను ఇంకేం అడగలేదు.

క్విజ్ రోజు కాలేజీ జీపులో బయల్దేరాం. రాత్రంతా వాన. స్కూల్ హాలు చేరేసరికి చర్ల వైపు బడి జట్టు రాలేదని తెలిసింది, వాగు పొంగి దారి మూసుకుపోయిందట. మూడు జట్లే. అయితే మూడు బల్లలే చాలు అనుకుని, మూడు బోర్డులు తగిలించి నాలుగోది అట్టపెట్టెలోనే ఉంచేశాం. హాలు పొడవైనది. ఈ చివర నుంచి ఆ చివరకు తీగలు నేల మీద పరిచారు. పిల్లలు వరసలుగా కూర్చున్నారు. ఎగ్జామినర్ సారు ముందు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. స్విచ్చి వేశాం.

ట్రింగ్.

ఎవరూ నొక్కలేదు. ఎవరో ఆడపిల్ల కిసుక్కుమంది. మళ్లీ ట్రింగ్, ట్రింగ్, ట్రిర్ర్ర్. ఒక టీచరు ఫ్యాను రెగ్యులేటర్ తిప్పింది, గంట ఏడవడం మొదలుపెట్టింది. హాలంతా నవ్వులే నవ్వులు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"బటన్ ఇరుక్కుంది!" అన్నాడు మధిరవాడు. బటన్లు మూడూ పీకి చూశాం, బాగానే ఉన్నాయి. "ఎర్తింగ్!" అన్నాడు టేకులపల్లివాడు. "రిలే పోయింది, నేను ముందే చెప్పాను" అంది ఖమ్మం పిల్ల, ముందు ఎప్పుడూ చెప్పలేదు. నేను ఫ్యాన్లు ఆపండి అని కేకేశాను. ఆపితే గంట కొంచెం తగ్గింది. పూర్తిగా ఆగలేదు, పైగా వంద మంది పిల్లలు చెమటతో నావైపు చూశారు.

సారు గడియారం చూసుకున్నాడు. నాకు ఆ గడియారంలో చర్ల పిల్ల ఉద్యోగం కనిపించింది. మిషను పనిచెయ్యకపోతే వైవా దేని మీద తీసుకుంటాడు? ఎంత కోపం వచ్చిందంటే, ఎవరి మీదో తెలియక నేల మీద తీగను కాలితో తన్నాను. గంట మోగింది.

ఆ గోలలో ఆమె గోడవారగా నడిచి వెళ్లి అట్టపెట్టె తెరిచింది. నాలుగో బోర్డు తీసింది. దాన్ని తెచ్చి, జట్టు లేని ఖాళీ బల్ల మీద పెట్టి, తీగ తగిలించింది.

గంట ఆగిపోయింది.

ఫ్యాన్లు వేశారు. ఆగే ఉంది. మూడో బల్ల పిల్ల బటన్ నొక్కితే మోగింది, వదిలితే ఆగింది. ముగ్గురూ నోళ్లు తెరుచుకుని చూశారు. నేనూ చూశాను. ఖాళీ బల్ల మీద, స్విచ్చి కూడా తిప్పని బోర్డు వల్ల గంట ఎట్లా ఆగుతుంది? నాకు వెంటనే తట్టలేదు, ఒట్టు. చర్ల పిల్ల ఎవరి వైపూ చూడకుండా తన చోటుకు వెళ్లి నిలబడింది.

క్విజ్ బాగా జరిగింది. గంట మోగినప్పుడల్లా మాస్టర్ బల్లలను ఒక్కొక్కటే ఎంచుకుని జవాబు చూశాడు. భోజనాలకు పిల్లలందరినీ వంటశాల వైపు పంపించారు. హాల్లో సారు, నేను, నలుగురు పిల్లలు, మిషను మిగిలాం.

సారు ఖాళీ బల్ల దగ్గర నిలబడి చర్ల పిల్ల వైపు తిరిగాడు. "అమ్మా, ఈ బల్లకు జట్టే లేదు. ఈ బోర్డు పెట్టగానే గంట ఎందుకాగింది?"

"ఎర్తింగ్ సార్!" "లూజ్ కాంటాక్ట్ సార్!" "లోడ్ బ్యాలెన్స్ సార్!" మూడు గొంతులు ఒకేసారి. నాలుగోది నాదే. "అమ్మా, పుల్-అప్ గురించి చెప్పు!" అన్నాను. ఆ క్షణానికి నాకూ తట్టింది మరి, ఆగలేకపోయాను.

సారు కళ్లద్దాలు తీశాడు. "మీరు ముగ్గురు బయటికి పోండ్రి. మేడం, మీరు గూడ. ఏమనుకోకుండ్రి."

ఏమనుకోను! బయటికి పోయాం. కానీ హాలు కిటికీలు తెరిచే ఉన్నాయి. నలుగురం కిటికీ కింద గోడకు ఆనుకుని చతికిలబడ్డాం. మా ప్రిన్సిపాల్ చూసి ఉంటే ఏమనేవాడో.

లోపల చాలాసేపు ఏ శబ్దమూ లేదు. సారు మళ్లీ అడగలేదు. ఎదురుచూస్తున్నాడన్న మాట. ఆ మౌనం భరించలేక టేకులపల్లివాడు నోరు తెరిచాడు. చేత్తో మూసేశాను. మధిరవాడు నా నోరు మూద్దామనుకున్నట్టున్నాడు, ధైర్యం చాలలేదు.

అప్పుడు ఆమె గొంతు వచ్చింది.

"మా ట్రాన్సిస్టర్లకు కిందికి గుంజుడొక్కటే వస్తది సార్. పైకి లేపుడు రాదు. తీగెను పైకి పట్టి ఉంచేది పుల్-అప్ రెసిస్టర్. ఐదు వోల్టుల నుంచి తీగెకు ఒక్క రెసిస్టర్ ఉండాలె. అది నా బోర్డు మీద ఉన్నది. నా బోర్డు డబ్బాల ఉంటే తీగెను పట్టుకునేటోళ్లు లేరు. గప్పుడది ఒకటి కాదు, సున్న కాదు. పంకా తిరిగినా ఉలిక్కిపడ్తది."

"మరి ల్యాబ్‌లో ఎందుకు మంచిగ పనిచేసింది?"

"ల్యాబ్‌ల నా బోర్డు ఎప్పుడూ తగిలించే ఉండె సార్."

"రెసిస్టర్ నీ బోర్డు మీద ఎందుకు పెట్టినవ్?"

"ఎవ్వరూ పెట్టలే. ముగ్గురు ముగ్గురే అవతలోళ్లు పెట్టిన్రనుకున్నరు. ఒక్కటి చాలు కదా అని నేను పెట్టిన. నలుగురం పెడితే అన్ని కలిసి తీగెను గట్టిగ పట్టుకుంటయ్, గుంజే ట్రాన్సిస్టర్‌కు భారమైతది." కొంచెం ఆగింది. "కానీ పెట్టిన జాగ తప్పు సార్. మాస్టర్ బల్ల మీద పెట్టాలె. ఏ బల్ల రాకున్నా అదుంటది."

నా పక్కన ఖమ్మం పిల్ల గడ్డం మోకాళ్ల మీద పెట్టుకుంది. తను దిద్దకుండానే ఇంకొకరు తమ తప్పు తామే దిద్దుకోవడం ఆమె వినడం అదే మొదటిసారి అనుకుంటాను.

"జవాబు తీగలకు రెసిస్టర్ లేదు కదా, ఎట్ల?"

"వాటిని బఫర్లే పైకి లేపుతయ్, అవే కిందికి దింపుతయ్. అందుకే అక్కడ ఒక్కరే మాట్లాడాలె. ఇద్దరు మాట్లాడితే కాల్తయ్. మేం కాల్చినం కూడ. గంట తీగె మీద నలుగురు ఒక్కసారి గుంజినా ఏం గాదు, అందరు కిందికే గుంజుతరు."

టేకులపల్లివాడు నా చేతి కింద ఉమ్ ఉమ్ అన్నాడు. సంతోషం అనుకుంటాను.

"సరే. ఇద్దరు గంట నొక్కిన్రు. ముందు ఎవరు నొక్కిన్రో మీ మిషను చెప్తదా?"

ఇది చెడ్డ ప్రశ్న. మొదటిసారి వైవాలో ఇదే ప్రశ్నకు మా ముగ్గురూ "చెప్తది సార్" అని గట్టిగా కోసేశారు, నాకు బాగా గుర్తుంది.

"తెల్వదు సార్" అంది.

దేవుడా, అయిపోయింది అనుకున్నాను. కిటికీలోంచి లేచి అరవబోయాను. ఈసారి మధిరవాడు నిజంగానే నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"నాకు తెల్వక కాదు సార్. తీగెకు తెల్వదు. ఎవరో గుంజిన్రని తెలుస్తది, ఎవరన్నది తెల్వదు. అందుకే మాస్టర్ ఒక్కో బల్లను పిలిచి చూడాలె. ముందు ఎవరో కావాలంటే వేరే సర్క్యూట్ పెట్టాలె. మేం పెట్టలే."

సారు కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. ఆ తరవాత చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు, మెల్లగా. మాకు వినపడలేదు. చెవులు రిక్కించినా ఆమె మాట్లాడుతోందన్నది ఒక్కటే తెలిసింది. మాట్లాడుతూనే ఉంది. నవ్వింది కూడా. మూడేళ్లలో ఆ పిల్ల అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. తడిసిన గోడకు ఆనుకుని మేం నలుగురం ఒక్క ముక్క అర్థం కాకపోయినా కదలకుండా కూర్చున్నాం. నాకైతే ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆమె బయటికి వచ్చింది. అందరం ఒక్కసారే లేచాం.

"ఏమన్నడు?" "పాసేనా?" "మళ్ల ఏమడిగిండే?" "అమ్మా, మార్కులు..." అని నేను.

ఆమె అరచెయ్యి ఎత్తింది. మెత్తగా, నవ్వుతూనే.

"ఒక్కొక్కలు అడుగుండ్రి. ముందు మేడం."

ముగ్గురూ నోళ్లు మూసుకున్నారు. నా వంతు వచ్చింది, చర్చి గొంతు ఎక్కడికి పోయిందో పోయింది. ఎట్లాగో అడిగాను. "ఉద్యోగంలో చేరచ్చా?"

"మార్కులు ఇప్పుడు చెప్పొద్దంట మేడం" అంది. "బట్టల పెట్టె మాత్రం సదురుకొమ్మన్నడు."